7 కిలోల మెషిన్‌లో నిజంగా ఎన్ని బట్టలు వేయాలి, కుక్కి నింపితే మురికి ఎందుకు పోదు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బెజవాడలో వాషింగ్ మెషిన్లు రిపేర్ చేస్తాను, అప్పుడప్పుడు గుంటూరు వైపు కూడా వెళ్తుంటాను. పటమటలో అయినా, సత్యనారాయణపురంలో అయినా, బ్రాడీపేటలో అయినా ఫోన్‌లో మొదటి మాట ఒకటే, "మెషిన్ సరిగ్గా ఉతకట్లేదండి, కాలర్ మురికి అలాగే ఉంటోంది" అని. తీరా వెళ్ళి చూస్తే మోటార్ బానే ఉంటుంది, నీళ్ళు బానే వస్తుంటాయి, పంపు బానే తోడుతుంటుంది, డ్రమ్ములో మాత్రం బట్టలు పత్తి బోరెం తొక్కినట్టు తొక్కి ఉంటాయి. అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. మీకు ఏది కావాలో అది చదువుకోండి, దేనికదే విడిగా అర్థమవుతుంది.

## బట్టలు మెషిన్ దగ్గరికి తేకముందు

మెషిన్ మీద 7 కిలోలు అని రాసుంది, అది పొడి బట్టల బరువా తడి బట్టల బరువా?

పొడి బట్టల బరువు. చాలామంది తడిశాక 7 కిలోలు అనుకుని భయపడి మరీ నాలుగు బట్టలే వేస్తారు, అది కూడా అవసరం లేదు. కాటన్ బట్ట నీళ్ళలో పూర్తిగా నానితే దాని బరువుకి రెండింతల పైనే నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ నీళ్ళ బరువు కంపెనీ వాళ్ళు డ్రమ్ము, షాఫ్టు, స్ప్రింగులు డిజైన్ చేసేటప్పుడే లెక్కేసుకుంటారు. మీరు చూసుకోవాల్సింది బుట్టలో ఉన్న విడిచిన బట్టలు, ఇంకా తడపనివి, ఎంత బరువున్నాయి అని మాత్రమే.

అయితే 7 కిలోల మెషిన్‌లో ఏ బట్టలైనా 7 కిలోలు వేసేయొచ్చా?

లేదండి, తేడా అంతా ఇక్కడే వస్తుంది. ఆ 7 కిలోలు అనేది కాటన్ ప్రోగ్రామ్‌కి మాత్రమే చెప్పిన లెక్క. అది కూడా టెస్ట్ చేసేటప్పుడు వాళ్ళు వేసేది దుప్పట్లు, దిండు గలీబులు, టవల్స్ లాంటి సాదా కాటన్ గుడ్డలు, నీట్‌గా పేర్చి వేస్తారు. మన ఇంట్లో లోడ్ అలా ఉండదు కదా, జీన్స్ ప్యాంటు, పాలిస్టర్ చుడీదార్, స్కూల్ యూనిఫామ్, నైటీ అన్నీ కలగలిసి ఉంటాయి, అవి అదే బరువుకి ఎక్కువ చోటు తింటాయి.

అందుకే కలగలుపు బట్టలకి నేను చెప్పే లెక్క, మెషిన్ మీద రాసిన దానిలో ముప్పావు వంతు. 7 కిలోలదైతే 5, మహా అయితే 5.5 కిలోలు. సింథటిక్ ప్రోగ్రామ్ అయితే సగం, అంటే 3 నుంచి 3.5. సిల్కు, ఉన్ని లాంటి సుకుమారం బట్టల ప్రోగ్రామ్‌లో, అలాగే 15 నిమిషాలు, 30 నిమిషాల క్విక్ వాష్‌లో చాలా మెషిన్లకి 2 కిలోలకి అటూ ఇటూనే. మీ మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ప్రోగ్రామ్ వారీగా కిలోల పట్టిక ఒకటి ఉంటుంది, కొన్న రోజు అటక మీద పెట్టేసి ఉంటారు, అది ఒకసారి తీసి ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నేను చూసిన "మురికి పోవట్లేదు" కంప్లయింట్లలో బోలెడు క్విక్ వాష్‌లో ఫుల్ లోడ్ వేసినవే.

ఇంట్లో కాటా లేదు, బరువు ఎలా తెలుస్తుంది?

ప్రతిసారీ తూయక్కర్లేదు, ఒక్కసారి తూస్తే చాలు. ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసు తూసే చిన్న లగేజీ కాటా ఉంటే దాని కొక్కేనికి బట్టల సంచి తగిలించండి. అది లేకపోతే మనుషులు బరువు చూసుకునే కాటా ఎక్కి ఒంటరిగా ఎంతో చూసుకోండి, తర్వాత బట్టల బుట్ట పట్టుకుని ఎక్కి ఎంతో చూడండి, రెండిటి తేడాలోంచి ఖాళీ బుట్ట బరువు తీసేయండి. అదీ లేకపోతే వీధి చివర పాత పేపర్లు కొనే కొట్లో కాటా ఉంటుంది, అడిగితే కాదనరు.

ఇప్పుడు అసలు పని. రోజూ విడిచిన బట్టలు వేసే బుట్టలో కలగలుపు బట్టలు 5 కిలోలు తూచి, నొక్కకుండా వదులుగా వేసి, ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ బుట్టకి ఒక రంగు దారం కట్టండి. ఇక నుంచి దారం దాకా వస్తే ఒక లోడ్ అయినట్టు. మా ఇంట్లో అదే పద్ధతి, పిల్లలు కూడా దారం చూసి "నాన్నా లోడ్ అయింది" అంటారు. బుట్ట మార్చితే మాత్రం మళ్ళీ తూచి కట్టుకోవాలి.

మన ఇళ్ళల్లో వాడే బట్టలు ఒక్కొక్కటి సుమారుగా ఎంత ఉంటాయి?

బట్ట మందాన్ని బట్టి మారుతుంది కానీ అందాజుకి ఇవి గుర్తు పెట్టుకోండి. డబుల్ కాట్ కాటన్ దుప్పటి 800 గ్రాములు, దిండు గలీబు 100, మందపాటి స్నానం టవల్ 400, పల్చటి తువ్వాలు 150, లుంగీ 250, నైటీ 300, ఫుల్ చేతుల చొక్కా 220, జీన్స్ ప్యాంటు 700, మంగళగిరి కాటన్ చీర లాంటిది 550.

ఇందులో జనం తక్కువ అంచనా వేసేవి జీన్స్, టవల్స్. మూడు జీన్స్ అంటే రెండు కిలోల పైనే అని చెప్తే నమ్మరు. పైగా ఈ రెండే నీళ్ళు బాగా పీల్చుకుంటాయి.

మా ఆదివారం బట్టలన్నీ ఒక్క ట్రిప్‌లో పట్టేస్తున్నాయి, అయినా ఎక్కువే అంటారా?

పట్టడం వేరు, ఉతకడం వేరు. గుణదలలో ఒకళ్ళింట్లో జరిగింది చెప్తాను, 7 కిలోల ఫ్రంట్ లోడ్, నలుగురు మనుషులు. ఆ అక్క ప్రతి ఆదివారం అన్నీ ఒకేసారి వేస్తుంది, మోకాలితో నెట్టి తలుపు వేస్తుంది, "కొన్నప్పుడు బాగా ఉతికేదండి, ఇప్పుడు మోటార్ వీక్ అయింది" అని పిలిచారు. నేను బట్టలన్నీ బయటకి తీయించి లగేజీ కాటాతో తూశాను.

రెండు దుప్పట్లు 1.6 కిలోలు, నాలుగు గలీబులు 400 గ్రాములు, మూడు టవల్స్ 1.2, రెండు లుంగీలు అర కిలో, మూడు నైటీలు 900 గ్రాములు, ఐదు చొక్కాలు 1.1, రెండు జీన్స్ 1.4, రెండు కాటన్ చీరలు 1.1, లోపలి బట్టలు, చేతిగుడ్డలు కలిపి 700 గ్రాములు. మొత్తం 8.9 కిలోలు. చూడ్డానికి ఒక మూటే, కానీ మెషిన్ మీద రాసిన దానికంటే దాదాపు రెండు కిలోలు ఎక్కువ, కలగలుపు బట్టల లెక్కలో చూస్తే మూడున్నర కిలోలు ఎక్కువ.

మోటార్ జోలికి పోలేదు. దుప్పట్లు, గలీబులు, టవల్స్, లుంగీలు, చిన్న బట్టలు ఒక లోడ్, అది 4.4 కిలోలు. నైటీలు, చొక్కాలు, జీన్స్, చీరలు ఇంకో లోడ్, అది 4.5. ఆ రోజు రెండు ట్రిప్పులు అదే ప్రోగ్రామ్, అదే పౌడర్, అదే నీళ్ళు. సాయంత్రం ఆ అక్కే ఫోన్ చేసి, కాలర్లు శుభ్రంగా వచ్చాయండి, రుద్దకుండానే, అని చెప్పారు.

బకెట్‌లో నానబెట్టిన బట్టలు వేస్తే లెక్క మారుతుందా?

బరువు లెక్క పొడిగా ఉన్నప్పటిదే పెట్టుకోండి. కానీ నానిన బట్టలతో ఒక మోసం ఉంది, తడిస్తే కుదించుకుపోయి చిన్న ముద్ద లాగా కనపడతాయి, డ్రమ్ములో ఇంకా బోలెడు చోటు ఉందనిపించి ఇంకో నాలుగు వేసేస్తారు. అందుకే నానబెట్టే ముందే లోడ్ ఎంతో తేల్చుకోండి. ఇంకోటి, నీళ్ళు కారుతున్న బట్టలు అలాగే ఫ్రంట్ లోడ్‌లో వేయకండి, కాస్త పిండి వేయండి, లేకపోతే బట్టల్లోంచి కారిన నీళ్ళు, నురగ కలిసి మెషిన్ నీళ్ళ లెవెల్‌ని తప్పుగా చదువుతుంది.

## డ్రమ్ము నింపేటప్పుడు

ఫ్రంట్ లోడ్‌లో సరిపోయాయా ఎక్కువయ్యాయా అని చేత్తో ఎలా చూడాలి?

బట్టలు ఒక్కొక్కటి విదిలించి వదులుగా వేయండి, వేశాక అరచేయి నిలువుగా పెట్టి, బొటనవేలు పైకి ఉండేలా, బట్టల పైభాగానికీ డ్రమ్ము పైకప్పుకీ మధ్య దూర్చండి. చెయ్యి దేనికీ ఒరుసుకోకుండా లోపలి గోడ దాకా వెళ్తే కాటన్ లోడ్ సరిపోయినట్టు. చెయ్యి పడుకోబెడితేనే దూరుతోంది అంటే రెండు మూడు బట్టలు తీసేయాలి, అసలు దూరట్లేదు అంటే సగం తీయాలి. సింథటిక్ అయితే డ్రమ్ము సగం కనపడుతూ ఉండాలి, సుకుమారం బట్టలైతే మూడో వంతు దాటకూడదు.

ఈ పరీక్షలో జనం చేసే తప్పు ఒకటే, చేత్తో బట్టల్ని కిందకి నొక్కి అప్పుడు చెయ్యి పడుతుందని చూపిస్తారు. నొక్కకూడదు. నొక్కితే పడేది నీళ్ళలో తడిశాక విప్పుకోవడానికి చోటు లేని లోడ్.

టాప్ లోడ్‌లో పైదాకా నింపొచ్చా, నీళ్ళు మునిగేలా ఉంటే చాలదా?

మునగడం ఒక్కటే చాలదు, బట్టలు నీళ్ళలో తిరగాలి. టాప్ లోడ్‌లో అడుగున పళ్ళెం లాంటి చక్రం అటూ ఇటూ తిరుగుతుంది, దాని వల్ల మధ్యలో ఉన్న బట్ట కిందకి దిగి, అంచు పట్టుకుని పైకి వచ్చి, మళ్ళీ మధ్యలోకి రావాలి, కుండలో పప్పు ఉడికేటప్పుడు గింజలు తిరిగినట్టు. పైదాకా నింపితే అడుగున ఉన్న నాలుగు బట్టలు మాత్రం చక్రానికి రాసుకుని అరిగిపోతాయి, పైన ఉన్నవి వేసిన చోటే ఊగుతుంటాయి.

పొడి బట్టలు వదులుగా వేస్తే డ్రమ్ములో మూడింట రెండు వంతులు, మరీ అయితే ముప్పావు దగ్గర ఆపేయండి. నీళ్ళు నిండాక మూత తీసి చూస్తే ఒక రంగు చొక్కా ఎంచుకుని కళ్ళతో పట్టుకోండి, ఐదు నిమిషాల్లో అది కనపడకుండా పోయి మళ్ళీ పైకి రావాలి. రాకపోతే లోడ్ ఎక్కువ. మూత తీస్తే ఆగిపోయే మెషిన్ అయితే పాజ్ చేసి చూసుకోండి.

సెమీ ఆటోమేటిక్‌లో ఉతికేదానికీ, పిండేదానికీ ఒకటే కిలోలా?

కాదు, పిండే టబ్ చిన్నది. ఒక ట్రిప్‌లో ఉతికిన బట్టలు రెండు విడతలుగా పిండాలి. అన్నీ ఒకేసారి దూర్చి పైన రబ్బరు మూత నొక్కితే ఒక పక్కకి బరువు పడి టబ్ గోడలకి కొట్టుకుంటుంది, బట్టలు కూడా సగమే పిండుతాయి.

మందపాటి దుప్పటి, కంఫర్టర్ 3 కిలోలే కదా, 7 కిలోల దాంట్లో వేయొచ్చు కదా?

ఇక్కడ కిలోలు మోసం చేస్తాయి, చోటు చూడాలి. లోపల దూది, ఫైబర్ ఉన్న కంఫర్టర్ బరువు తక్కువ, పొంగు ఎక్కువ. 7 కిలోల ఫ్రంట్ లోడ్ డ్రమ్ము అంటే సుమారు 50 లీటర్లు, మన ఇళ్ళకి వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండున్నర అనుకోండి. అందులో డబుల్ కాట్ కంఫర్టర్ దూర్చితే గోడలకి బిగుసుకుపోతుంది. మడిచి లోపల పెట్టాక అరచేయి నిలువుగా దూరితే ఉతకండి, లేదంటే పెద్ద మెషిన్లున్న లాండ్రీకి ఇచ్చేయండి. మామూలు పల్చటి రగ్గు అయితే ఫర్వాలేదు.

మిర్చి యార్డులో పని చేసిన బట్టలు అందరివాటితో కలిపి వేయొచ్చా?

గుంటూరులో ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. విడిగా వేయండి, సగం లోడ్‌కి మించకుండా వేయండి. మిరప దుమ్ము బయట బాగా దులిపి, ముందు ఒకసారి ఉత్త నీళ్ళలో జాడించి అప్పుడు మెషిన్‌లో వేయాలి. కారం ఘాటు నీళ్ళలో అంత తేలిగ్గా కరగదు, డిటర్జెంట్ పట్టుకుని బయటకి లాగాలి, దానికి నీళ్ళు బట్ట మధ్యలోంచి పారాలి. కుక్కి వేస్తే ఆ ఘాటు పక్కన ఉన్న చంటిపిల్లల బట్టలకి, టవల్స్‌కి అంటుకుంటుంది, మొహం తుడుచుకుంటే మండుతుంది.

## మెషిన్ తిరుగుతున్నప్పుడు

తలుపు పడుతోంది, మెషిన్ తిరుగుతోంది, మరి కుక్కితే నష్టం ఏంటి?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి. చాకిరేవులో బట్టలు ఎలా ఉతుకుతారో చూసే ఉంటారు, పైకెత్తి బండకేసి కొడతారు, ఆ దెబ్బకి బట్టలో ఉన్న సబ్బు నీళ్ళు మురికితో సహా బయటకి చిమ్ముతాయి, మళ్ళీ తడిపి మళ్ళీ కొడతారు. ఫ్రంట్ లోడ్ చేసేది అచ్చం అదే పని. డ్రమ్ము గోడకి మూడు గట్లు లాంటివి ఉంటాయి, అవి బట్టని పైకి మోసుకెళ్తాయి, ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి 50 చుట్లకి అటూ ఇటూ మాత్రమే తిరుగుతుంది కాబట్టి పైకెళ్ళిన బట్ట గోడకి అతుక్కోకుండా జారి, మూరెడుకి కాస్త తక్కువ ఎత్తు నుంచి కింద నీళ్ళలో పడుతుంది. ఆ పడటమే దెబ్బ. గంట సేపట్లో ఒక్కో బట్ట అలా వందలసార్లు పడుతుంది.

ఇప్పుడు డ్రమ్ము నిండా కుక్కారనుకోండి. పడటానికి కింద ఖాళీ ఏది? బట్టలన్నీ కలిసి ఒకే ముద్దలా డ్రమ్ముతో పాటు గుండ్రంగా తిరుగుతాయి, ఒకదానికొకటి కదలవు. మోటార్ తిరుగుతోంది, గంట గడుస్తోంది, దెబ్బ మాత్రం ఒక్కటీ పడట్లేదు.

రెండో నష్టం నీళ్ళది. మెషిన్‌కి నీళ్ళ లెవెల్ మాత్రమే తెలుసు, బట్ట నడుమ తడిసిందా లేదా దానికి తెలియదు. ముద్ద పైపొరలు నీళ్ళు తాగేస్తాయి, నడుమకి చేరేసరికి సగం వాష్ అయిపోతుంది. నేను ఇళ్ళల్లో వాష్ మధ్యలో ఆపి, ముద్ద నడుమలోంచి బట్ట లాగి చూపించాను, 20 నిమిషాలు తిరిగాక కూడా దిండు గలీబు మీద అరచేయంత పొడి మచ్చ ఉంది. నీళ్ళే చేరని చోటికి డిటర్జెంట్ ఎలా చేరుతుంది.

మూడోది, ఊడిన మురికి బయటకి పోవాలి కదా. వదులుగా ఉన్న లోడ్‌లో మురికి నీళ్ళు బట్టల సందుల్లోంచి డ్రమ్ము చిల్లుల గుండా బయటకి పోతాయి. బిగుసుకున్న ముద్దలో అవి పోవు, బట్టే వడగుడ్డలా పనిచేసి మురికిని పట్టుకుంటుంది. కొన్ని నెలలకి తెల్ల బనియన్లు బూడిద రంగుకి తిరగడం దీని వల్లే, ఒక చోట ఊడిన మురికి ఇంకో చోట కూర్చుంటుంది.

మెషిన్‌కి బరువు తెలుసుకునే సెన్సార్ ఉంది కదా, ఎక్కువైతే అదే ఆగదా?

ఆగదు. మొదట్లో పొడి బట్టలతో రెండు మూడు చుట్లు తిప్పి చూసి, తిప్పడానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందో దాన్ని బట్టి నీళ్ళు, టైమ్ అంచనా వేసుకుంటుంది. అది కిరాణా కొట్లో కాటా లాంటిది కాదు. పైగా ఎంత ఎక్కువ వేసినా దాని పై లెవెల్‌కి మించి నీళ్ళు తీసుకోదు, కాబట్టి 7 కిలోలకి ఇచ్చే నీళ్ళే 9 కిలోలకీ పంచుతుంది.

బట్టలు ఎక్కువున్నాయని డిటర్జెంట్ ఎక్కువ వేస్తే సరిపోదా?

ఇంకా చెడుతుంది. పౌడర్ ఎక్కువైతే నురగ ఎక్కువై బట్టల మధ్య మెత్తగా పరుపులా కూర్చుంటుంది, ఉన్న కాస్త దెబ్బ కూడా తగలనివ్వదు. తర్వాత జాడించేటప్పుడు ఆ పౌడర్ అంతా బయటకి రావాలి, బిగుసుకున్న లోడ్‌లో అది రాదు. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో ఇది మరీ ఎక్కువ, ఉప్పు నీళ్ళలో పౌడర్ సరిగ్గా కరగక తెల్ల పొరలా బట్టకి పట్టేస్తుంది. నీళ్ళు గట్టివైతే డిటర్జెంట్ కొంచెం ఎక్కువ కావాలి, అది నిజమే, కానీ ముందు లోడ్ తగ్గించి అప్పుడు ఆ కొంచెం పెంచండి.

అద్దంలోంచి చూసి లోడ్ ఎక్కువైందని చెప్పొచ్చా?

చెప్పొచ్చు, వాష్ మొదలైన పది నిమిషాలకి ఒక స్టూలు వేసుకుని కూర్చుని రెండు నిమిషాలు చూడండి. బట్టలు ఒక పక్కగా పైకెక్కి, గడియారంలో 10, 11 అంకెలుండే చోట విడిపోయి కింద పడుతుండాలి, పడ్డప్పుడు ధబ్ ధబ్ అని మెత్తటి చప్పుడు వినపడాలి. అద్దానికి అతుక్కున్న అదే చొక్కా, అదే బొత్తాం ఎంతసేపటికీ అక్కడే కనపడుతోంది, చప్పుడు లేదు, అంటే కుక్కినట్టే. పాజ్ నొక్కి, నీళ్ళు తక్కువగా ఉండి తలుపు తెరుచుకునే దశలో ఉంటే రెండు మూడు బట్టలు తీసేయండి, తలుపుని బలవంతంగా లాగకండి.

స్పిన్‌లో డబడబా కొట్టుకుని UE అనో UB అనో వస్తోంది, ఇది కూడా ఎక్కువ లోడ్ వల్లేనా?

ఎక్కువ లోడ్ వల్లా రావొచ్చు, మరీ తక్కువ లోడ్ వల్లా రావొచ్చు. ఆ అక్షరాలకి చాలా మెషిన్లలో అర్థం ఒకటే, బరువు ఒక పక్కకి చేరింది, సమంగా సర్దలేకపోతున్నాను అని. కుక్కిన లోడ్‌లో బట్టలు విడిపోయి గోడ చుట్టూ పరుచుకోలేవు కాబట్టి వస్తుంది. ఒక్క తడి దుప్పటి మాత్రమే వేసినా ఒకే ముద్దయి ఒక పక్కన పడుతుంది, అప్పుడు రెండు మూడు టవల్స్ జత చేస్తే సర్దుకుంటుంది. మూడో కారణం, దుప్పటి సంచిలా మారి చిన్న బట్టలన్నీ దాని కడుపులో చేరడం, బయటకి తీసి విడదీసి మళ్ళీ స్పిన్ పెట్టండి.

## బట్టలు బయటకి తీశాక

నల్ల ప్యాంటు మీద తెల్ల చారలు వస్తున్నాయి, పౌడర్ మార్చాలా?

ముందు లోడ్ మార్చండి. మడతల్లో, జేబు అంచుల్లో, నడుం పట్టీ దగ్గర తెల్లగా పొడి పట్టిందంటే ఆ మడత వాష్ మొత్తంలో విప్పుకోలేదని అర్థం. చిన్న పరీక్ష, ఆ ప్యాంటుని ఒక బకెట్ మంచినీళ్ళలో ఒంటరిగా జాడించండి. నీళ్ళు తెల్లగా పాలలా అయి నురగ వస్తే సబ్బు మిగిలిపోయిందని తేలినట్టే. వచ్చే వారం అదే పౌడర్‌తో 5 కిలోల లోడ్ వేసి చూడండి, అప్పటికీ చారలు వస్తే అప్పుడు లిక్విడ్‌కి మారడం గురించి ఆలోచించొచ్చు.

ఎక్స్‌ట్రా రిన్స్ నొక్కితే పోతుంది కదా అంటారు. వదులు లోడ్‌కి అది బాగా పనికొస్తుంది, కుక్కిన లోడ్‌కి ఇంకో 15 లీటర్లు ఆ ముద్ద పైపైన పారిపోతాయి అంతే.

స్పిన్ అయ్యాక కూడా నీళ్ళు కారుతున్నాయి, ఆరేశాక వాసన వస్తోంది, ఎందుకు?

స్పిన్‌లో బట్ట డ్రమ్ము గోడకి పల్చగా పరుచుకుంటే నీళ్ళు చిల్లుల్లోంచి ఇట్టే పోతాయి. కుక్కితే గోడ దగ్గర పొర పిండుతుంది, నడుమ ఉన్న బట్టల్లో నీళ్ళు ఆ మందమంతా దాటి రావాలి, రావు. పైగా మెషిన్ బరువు సమంగా లేదని స్పీడ్ తగ్గించేస్తుంది. మే నెల ఎండలో అయితే ఎలాగో ఆరిపోతాయి కానీ, వానాకాలంలో బెజవాడ ఉక్కలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో, రెండో రోజుకి కూడా తడి ఆరక ముక్క వాసన వస్తుంది. ఆ వాసన సగం తడి వల్ల, సగం పోకుండా మిగిలిన చెమట, సబ్బు వల్ల.

రెండు ట్రిప్పులు వేస్తే నీళ్ళు, కరెంటు డబుల్ కాదా? మాకు కుళాయి గంటే వస్తుంది

నీళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, చాలా ఇళ్ళల్లో కుక్కడానికి అసలు కారణం అదే. అయినా లెక్క చూడండి. ఫ్రంట్ లోడ్ ఒక ట్రిప్‌కి 50 నుంచి 70 లీటర్లు తాగుతుంది. కుక్కి వేసిన ట్రిప్ తర్వాత ఎక్స్‌ట్రా రిన్స్ ఒకటి, సగం బట్టలు మళ్ళీ ఇంకో ట్రిప్, కాలర్లు చేత్తో రుద్దడానికి ఒక బకెట్, అవన్నీ కలిపితే రెండు సరైన ట్రిప్పుల దగ్గరికే వస్తుంది. కరెంటు విషయంలో నీళ్ళు వేడి చేసే హీటర్‌దే పెద్ద వాటా, చన్నీళ్ళలో ఉతికితే మోటార్ తినేది తక్కువ. కాబట్టి నీళ్ళు తక్కువున్న రోజు అన్నీ ఒకేసారి దూర్చకుండా ఆదివారం దుప్పట్లు, బుధవారం ఒంటి బట్టలు అని పంచుకోండి, గుణదల ఇంట్లో ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

ఎక్కువ వేస్తే మెషిన్ పాడవుతుందా, లేక బట్టలు తెల్లబడకపోవడం ఒక్కటేనా?

పాడవుతుంది, కాకపోతే ఒక్క రోజులో కాదు. ఫ్రంట్ లోడ్ డ్రమ్ముని వెనక నుంచి ఒకే ఒక షాఫ్టు పట్టుకుని ఉంటుంది, ముందు వైపు ఏ ఆసరా లేదు. 9 కిలోల కాటన్ నీళ్ళు పీల్చుకుంటే 25 కిలోలు దాటుతుంది, ఒక బియ్యం బస్తా ఆ షాఫ్టు చివర వేలాడదీసి తిప్పుతున్నట్టు. ముందు బేరింగ్ దగ్గర సీలు అరుగుతుంది, నీళ్ళు లోపలికి వెళ్ళి బేరింగ్ తుప్పు పడుతుంది, అప్పుడు స్పిన్‌లో విమానం లేస్తున్నట్టు గుర్రుమనే మోత వస్తుంది. పరీక్ష కావాలంటే మెషిన్ ఆపి, ఖాళీ డ్రమ్ము ముందు అంచు పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి, టబ్ మొత్తం స్ప్రింగుల మీద కదలడం మామూలే, డ్రమ్ము ఒక్కటే విడిగా లొడలొడ ఆడితే మాత్రం బేరింగ్ పోయినట్టే. అది మార్చాలంటే మెషిన్ మొత్తం విప్పాలి, ఖర్చు ఎక్కువే. తలుపు రబ్బరు చిరగడం ఇంకోటి, కుక్కినప్పుడు చొక్కా అంచు రబ్బరుకీ అద్దానికీ మధ్య ఇరుక్కుంటుంది, అక్కడి నుంచి నీళ్ళు కారడం మొదలవుతుంది.

మా ఇంట్లో ఆరుగురం, 9 కిలోల మెషిన్ కొనుక్కుంటే ఈ గొడవ ఉండదా?

రోజు విడిచి రోజు 5, 6 కిలోల బట్టలు వచ్చే ఇల్లయితే, దుప్పట్లు కూడా ఇంట్లోనే ఉతుకుతారంటే, 9 కిలోలది మంచి నిర్ణయమే. కలగలుపు లోడ్ అందులో 6.5 కిలోల దాకా హాయిగా ఉతుకుతుంది. కానీ కొనేముందు మీ వారం బట్టలు ఒకసారి తూయండి. ఇప్పుడున్న 7 కిలోల దాంట్లో 9 కిలోలు కుక్కుతున్న వాళ్ళు పెద్దది వచ్చాక అందులో 12 కిలోలు కుక్కడం నేను రెండు మూడు ఇళ్ళల్లో చూశాను, మళ్ళీ అదే కంప్లయింట్‌తో పిలిచారు. కొత్త మెషిన్ వచ్చిన రోజే బుట్టకి దారం కొత్త లెక్కలో కట్టుకోండి.